ప్లాట్‌ఫారం మీద పాత క్లాస్‌మేట్

రైల్వే స్టేషన్‌లో ఎవరినో చూసి చిన్నప్పటి క్లాస్‌మేట్ అనుకుని పలకరించడం మీద అల్లే కథలో కష్టమైన పని ఒకటుంది. ఆ పొరబాటు నిజంగా జరగగలదని పాఠకుడు నమ్మాలి. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారన్న మాటను పట్టుకుని, అచ్చుగుద్దినట్టున్న ఇద్దరిని సృష్టిస్తే కథ కాకతాళీయంగా మిగిలిపోతుంది. నిజానికి అంత పోలిక అక్కర్లేదు. మనసు ముఖాలను గుర్తుపెట్టుకునే తీరులోనే ఈ కథకు కావలసినంత సందు ఉంది.

ఒక కథ అనుకుందాం. కాలం 1990 ప్రాంతం. మద్రాసు, హౌరా, కాజీపేట దారులు కలిసే విజయవాడ జంక్షన్. సాయంత్రం మసక చీకట్లో నలభై అయిదేళ్ల సత్యం బండి కోసం ఎదురుచూస్తున్నాడు. టీ స్టాల్ దగ్గర ఒకతను పక్కకు తిరిగి నిలబడి టీ ఊదుకుంటున్నాడు. ఎడమ భుజం కాస్త దించి నిలబడే తీరు, నుదుటి మీదికి జారిన జుట్టు. తెనాలి హైస్కూల్లో తన బెంచీలోనే కూర్చున్న మూర్తి! సత్యం వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తాడు. "ఒరేయ్, ఎన్నాళ్లకు కనపడ్డావురా!"

మనిషిని గుర్తుపట్టడం ఒక్క అడుగులో జరిగే పని కాదు. విక్కీ బ్రూస్, ఆండీ యంగ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1986లో దీన్ని అంచెలుగా వివరించారు. ముందు ఈ ముఖం తెలిసినదే అనిపిస్తుంది. తర్వాత ఆ మనిషి ఎవరు, ఎక్కడివాడు అన్నది తడుతుంది. పేరు అన్నిటికంటే చివర వస్తుంది. ఎక్కడో చూశాం కానీ ఎవరో గుర్తు రావడం లేదు అనుకునేటప్పుడు మనం మొదటి అంచె దాటి రెండోదాని దగ్గర ఆగిపోయి ఉంటాం. సత్యం విషయంలో జరిగింది వేరు. తెలిసిన ముఖమన్న భావం కలిగింది, రెండో అంచెను పరిసరాలు పూరించాయి. తెనాలి విజయవాడకు దగ్గరే. ఆ ఊరివాళ్లు ఈ స్టేషన్‌లో తారసపడటం మామూలు. అదే మనిషి ఢిల్లీలో కనిపించి ఉంటే సత్యం ఒక క్షణం ఆగి ఉండేవాడు. కథకుడు స్టేషన్‌ను ఎంచుకోవడానికి ఇది బలమైన కారణం. అక్కడ ఎవరైనా కనపడవచ్చు, ఎవరూ ఎక్కువసేపు ఉండరు.

ఇలాంటి పొరబాట్లు నిత్యజీవితంలో ఎలా జరుగుతాయో తెలుసుకోవడానికి యంగ్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 22 మంది చేత కొన్ని వారాలపాటు డైరీలు రాయించారు. 1985లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఒకరిని చూసి మరొకరనుకున్న ఘటనలు వందల్లో నమోదయ్యాయి. దూరం నుంచో, చాలని వెలుతురులోనో, ఒక్క క్షణంపాటో చూసినప్పుడు ఇవి తరచుగా జరిగాయి. కాబట్టి కథలోని మసక చీకటి, పక్కకు తిరిగిన ముఖం వాతావరణం కోసం పెట్టిన అలంకారాలు కావు, పొరబాటు పుట్టేది వాటి వల్లే. జుట్టు కూడా అలాంటిదే. బాగా తెలిసిన మనిషిని కళ్లు, ముక్కు, నోరు చూసి పోల్చుకుంటాం. అంతగా తెలియని ముఖాల విషయంలో జుట్టు మీద, ముఖం అంచుల మీద ఎక్కువగా ఆధారపడతాం. సత్యానికి మూర్తి ముఖం ఒకప్పుడు బాగా తెలుసు. ఇప్పటి ముఖం తెలియదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. అమెరికాలో హ్యారీ బారిక్, ఆయన సహచరులు 392 మంది హైస్కూల్ పూర్వవిద్యార్థులకు పాత ఇయర్‌బుక్ ఫొటోలు చూపించి 1975లో ఫలితాలు ప్రకటించారు. స్కూలు వదిలి దాదాపు 35 ఏళ్లయినవాళ్లు కూడా తమ క్లాసువాళ్ల ముఖాలను నూటికి తొంభై వంతున సరిగ్గా ఏరగలిగారు. ఇది చూసి సత్యం పొరబడటం అసాధ్యం అనిపించవచ్చు. కానీ వాళ్లు గుర్తుపట్టినవి ఆనాటి ఫొటోలు. పదహారేళ్ల మూర్తి ఫొటో చూపిస్తే సత్యం కూడా ఇట్టే చెప్పేస్తాడు. నలభై అయిదేళ్ల మూర్తిని అతను ఎప్పుడూ చూడలేదు. ఆ ముప్ఫై ఏళ్లను ఊహతోనే కలుపుకోవాలి. ఎదుటివాడి పొట్ట, తెల్లబడ్డ మీసం వయసు తెచ్చిన మార్పులుగా సర్దుకుపోతాయి. సరిపోని ప్రతి గుర్తుకూ వయసు సంజాయిషీ చెబుతుంది. మధ్యలో గడిచిన ఏళ్లు పెరిగేకొద్దీ కథ నమ్మదగినదవుతుంది. కాలేజీ వదిలిన రెండేళ్లకే ఇలా పొరబడ్డాడంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆ తర్వాత పొరబాటు కొన్ని నిమిషాలైనా నిలవాలి. దాన్ని నిలబెట్టేది సత్యం వేసే ప్రశ్నలు. "మీరంతా తెనాలిలోనే ఉన్నారా?" అంటాడు. అవతలి మనిషిది కూడా తెనాలే. చదివింది వేరే స్కూలు. "అబ్బే, అన్నయ్య ఒక్కడే అక్కడున్నాడు" అంటాడు. "లెక్కల మాస్టారి బెత్తం గుర్తుందా?" అంటే నవ్వుతాడు. బెత్తం లేని లెక్కల మాస్టారు ఆ తరంలో ఎవరికి ఉన్నారు? జవాబును లోపల పెట్టుకుని వచ్చిన ప్రశ్నకు అవుననడం తేలిక. భుజం మీద చెయ్యివేసి ఇంత ఆప్యాయంగా మాట్లాడుతున్న మనిషిని మీరెవరని అడగడం కష్టం. పైగా మర్చిపోయింది తానేనేమోనన్న అనుమానం అతనికీ ఉంటుంది. ఈ మొహమాటం ఇద్దరినీ బంధిస్తుంది.

తెలుగులో రాసే కథకుడికి ఈ ఘట్టంలో గొప్ప సదుపాయం ఉంది. సత్యం "ఒరేయ్" అంటున్నాడు. అవతలివాడు తిరిగి "ఒరేయ్" అనలేడు, "మీరు" అంటే బయటపడిపోతుంది. అందుకే క్రియకు తగిలే వావో రావో రాకుండా మాటను తప్పిస్తాడు. "ఎక్కడికి వెళ్తున్నావు" అనడు, "వెళ్తున్నారు" అనడు. "ఎక్కడిదాకా ప్రయాణం?" అంటాడు. "టీ తీసుకోవడమేనా?" అంటాడు. జాగ్రత్తగా చదివే పాఠకుడు సత్యం కంటే ముందే సంగతి కనిపెడతాడు. కథ పూర్తయ్యాక వెనక్కి తిప్పి చూస్తే ప్రతి వాక్యంలోనూ ఆ తప్పించుకోవడం కనిపించాలి.

బండారం బయటపడటానికి ఇద్దరికే తెలిసిన విషయం కావాలి. దీనికి మంచి పోలిక, ఇలా పొరబాటు లేని ఒక కథ. అంటోన్ చెకోవ్ 1883లో లావాటివాడు, సన్నటివాడు అనే ఇద్దరు పాత సహాధ్యాయులను నికొలాయెవ్‌స్కీ రైల్వే స్టేషన్‌లో కలిపాడు. అక్కడ వాళ్లు కౌగిలించుకున్న వెంటనే స్కూలునాటి మారుపేర్లు తలుచుకుంటారు. సిగరెట్‌తో స్కూలు పుస్తకాన్ని కాల్చినందుకు ఒకడిది హెరోస్ట్రాటస్, చాడీలు చెప్పినందుకు రెండోవాడిది ఎఫియాల్టిస్. ఆ పేర్లే గుర్తింపు పత్రాలు. కథలో చిక్కు తర్వాత, హోదాల తేడా తెలిసినప్పుడు వస్తుంది. మన కథలో చిక్కు ఈ పత్రం దగ్గరే రావాలి. "నాకు పెట్టిన పేరేంటో చెప్పు చూద్దాం" అని సత్యం నవ్వుతూ అడిగినప్పుడు, అవునూ కాదూ అంటే సరిపోని ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. అవతలివాడి మౌనం పొడుగవుతుంది. ఊరి పేరు, మాస్టారి పేరు వంటి గుర్తులు ఈ పని చేయలేవు, అవి వందలమందివి.

ఇదే కథను ఈనాటి స్టేషన్‌లో నడిపితే ఫోన్ అడ్డొస్తుంది. పాత బ్యాచ్‌లకు వాట్సాప్ గ్రూపులున్నాయి. మూర్తి ఇప్పుడెలా ఉన్నాడో సత్యానికి ముందే తెలిసి ఉంటుంది, లేదా ఒక సెల్ఫీ పంపితే గ్రూపులో ఎవరో ఒకరు తేల్చేస్తారు. అయితే అపరిచితుల ఫొటోలు అనుకున్నంత నమ్మకమైనవి కావు. 2011లో వెలువడిన ఒక ప్రయోగంలో డచ్ ప్రముఖులు ఇద్దరివే 40 ఫొటోలు ఇచ్చి మనిషివారీగా వేరుచేయమంటే, వాళ్లెవరో తెలియని బ్రిటన్ వాసులు సగటున ఏడెనిమిది మంది ముఖాలుగా విడదీశారు. వాళ్లను ఎరిగిన డచ్ వాళ్లు ఇద్దరేనని సరిగ్గా చెప్పారు. అంటే గ్రూపులో మూర్తిని ఇటీవల చూసినవాడు ఒక్కడున్నా కథ అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ చూడకపోతే, ఆ ఫొటో చూసి పదిమంది కలిసి పొరబడే కథ కూడా రాయవచ్చు.