మొలలున్న ఇంట్లో కూరల లెక్క

మొలలున్నాయని తెలియగానే ఇంట్లో ముందు మారేది కూర. వంకాయ, గోంగూర, దుంపలు వేడి చేస్తాయని పక్కకు పోతాయి. సొరకాయ, బీరకాయ చలవ అని రోజు మార్చి రోజు పొయ్యెక్కుతాయి. అంత పథ్యం చేసినా చాలామందికి విరేచనం గట్టిగానే అవుతుంది, రక్తం పడుతూనే ఉంటుంది. తప్పు సొరకాయది కాదు. దాని నుంచి ఆశించిన పని అది ఒక్కటే చేయలేదు.

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి దిళ్లలాంటి భాగాలు అందరికీ ఉంటాయి. మలం గట్టిపడి రోజూ ముక్కాల్సి వస్తే అవి రక్తంతో ఉబ్బి కిందికి జారతాయి. అవే మొలలు. వాటిని రాసుకుంటూ గట్టి మలం బయటికి వస్తే ఎర్రటి రక్తం పడుతుంది. కాబట్టి ఏ కూరగాయ గురించైనా అడగాల్సింది అది వేడా చలవా అని కాదు, మలాన్ని మెత్తగా, సులువుగా కదిలేలా చేస్తుందా లేదా అని.

సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. బీరకాయా అంతే. అయితే తిన్న నీళ్లు, తాగిన నీళ్లు చాలావరకు పేగుల్లోనే ఇంకిపోతాయి. మలంలో తడి నిలవాలంటే ఆ నీటిని పట్టి ఉంచేది ఒకటి కావాలి. అదే పీచు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు చూస్తే 100 గ్రాముల సొరకాయలోనూ బీరకాయలోనూ పీచు సుమారు 2 గ్రాములే. కందలో దానికి రెట్టింపు ఉంటుంది. మునక్కాయలో, మునగాకులో ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి.

బీరకాయ విషయంలో అసలు సరుకు చెత్తబుట్టలోకి పోతోంది. గట్టి ఈనెలు మాత్రం గీకేసి, మిగతా చెక్కును నూనెలో మగ్గనిచ్చి, కాసిని నువ్వులు, కొంచెం చింతపండు వేసి నూరితే బీరపొట్టు పచ్చడి అవుతుంది. లేత సొరకాయ అయితే చెక్కు తీయకుండానే కూర వండుకోవచ్చు, పప్పులో వేయవచ్చు. పప్పుతో కలిస్తే రెండిటి పీచూ ఒకే ముద్దలో అందుతుంది. పొద్దున్నే సొరకాయ రసం తాగి పిప్పి పారేసేవారు పీచు పారేసి నీళ్లు తాగుతున్నట్టే. ఆ రసంలో ఇంకో ప్రమాదమూ ఉంది. కొన్ని కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం పెరుగుతుంది. చేదు సొరకాయ రసం తాగి మనదేశంలో ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. బీరకాయకూ ఈ చేదు వస్తుంది. కోయగానే చిన్న ముక్క నాలుక కొసకు తగిలించి చూసి, చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి. వండితే ఆ విషం పోదు. తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మునక్కాయ అంకె చూసి మోసపోకూడదు. సాంబారులో ముక్కను నమిలి గుజ్జు తిని పీచంతా పళ్లెం పక్కన పెడతాం. పక్కన పెట్టినది కడుపు లెక్కలోకి రాదు. ముదిరిన కాయ నారను బలవంతంగా మింగడమూ మంచిది కాదు, అది అరగదు. మలబద్ధకానికి పనికొచ్చేది మునగాకు. ఆషాఢంలో ఒకసారి తిని ఊరుకోకుండా వారానికి రెండుసార్లు గుప్పెడు ఆకు పప్పులో పడితే, రుచి అలవాటు కావడానికి కొంత సమయం పట్టినా, పని చేస్తుంది.

నాలుగింటిలోనూ మొలల మందుగా పేరుపడ్డది కంద. ఆయుర్వేదం దీన్ని అర్శోఘ్నం అంటుంది. అర్శస్సులను, అంటే మొలలను, పోగొట్టేదని అర్థం. కందతో చేసిన సూరణ వటకాలు ఇప్పటికీ ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి. పీచు వల్ల కంద విరేచనానికి సాయపడుతుందనడంలో సందేహం లేదు. అంతమాత్రాన ఉబ్బిన మొలను కూర కరిగిస్తుందని నమ్మి వైద్యం వాయిదా వేయకూడదు.

కంద దురదకు కారణం అందులో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. చేతులకు నూనె రాసుకుని చెక్కు మందంగా తీసి, ముక్కల్ని చింతపండు నీళ్లలోనో పుల్ల మజ్జిగలోనో కాసేపు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి. ఉడకని కంద గొంతులో గీరుతుంది. గోదావరి జిల్లాల కంద బచ్చలి కూర ఈ లెక్కన ఎంతో తెలివైన వంటకం. చింతపండు పులుపు దురదను తగ్గిస్తుంది, బచ్చలి జిగురు మలాన్ని జారుడుగా ఉంచుతుంది. ఆవపిండి మాత్రం దించాక, రుచికి సరిపడా కలపాలి. కొవ్వూరు ప్రాంతం నుంచి ఎంపిక చేసిన గజేంద్ర రకం కందకు దురద చాలా తక్కువ. ఇదే కందను పలుచటి ముక్కలుగా కోసి నూనెలో కరకరలాడేలా వేయిస్తే పళ్లెంలోకి నూనె ఎక్కువ వస్తుంది, తినేది పిడికెడే అవుతుంది. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లున్నవారు, పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు కందను అడిగి తినాలి. పిండిపదార్థం ఎక్కువ కాబట్టి షుగరున్నవారు అన్నం తగ్గించి తినాలి.

ఒక మామూలు ఇంటి భోజనాన్ని లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. రెండు పూటలా తెల్లన్నం, చెక్కు తీసిన బంగాళాదుంప వేపుడు, పలుచటి పప్పుచారు. అన్నానికి 300 గ్రాముల బియ్యం పడితే పీచు 8 గ్రాములు, దుంపల నుంచి 2, పప్పు నుంచి 3. అన్నీ కలిపి 13 గ్రాములు. వేపుడు స్థానంలో 100 గ్రాముల కంద బచ్చలి, పలుచటి చారుకు బదులు గుప్పెడు మునగాకు వేసిన చిక్కటి పప్పు, పక్కన బీరపొట్టు పచ్చడి పెడితే అదే అన్నంతో పీచు ఇరవైకి చేరుతుంది. మిగతాది ఒక జామకాయ పూరిస్తుంది. ఈ మార్పు ఒక్కరోజులో చేస్తే కడుపు ఉబ్బుతుంది. రెండు వారాలు తీసుకుని మెల్లగా పెంచుతూ నీళ్లూ పెంచాలి. మొలలున్నవారిపై జరిగిన ఏడు పరీక్షలను కలిపి చూసిన 2005 నాటి సమీక్షలో పీచు తీసుకున్నవారికి రక్తస్రావం ముప్పు సుమారు సగం తగ్గింది. అక్కడ వాడింది ఎక్కువగా ఇసబ్గోల్ వంటి పొట్టు, కూరలు కావు. కూరలతో సరిపోని రోజున ఆ పొట్టు నీళ్లలో కలుపుకుని తాగడానికి వెనుకాడనక్కర్లేదు.

ఇక మొలల్ని పెంచే కూరగాయ అంటూ వేలెత్తి చూపగలిగింది ఏదీ లేదు. వంకాయను దోషిగా నిలబెట్టడం అన్యాయం, దానిలోనూ పీచుంది. విరేచనాలు కట్టడానికి ఇళ్లలో పెట్టే పచ్చి అరటికాయను మాత్రం మలబద్ధకం ఉన్న రోజుల్లో తగ్గించడం మంచిది. కారం సంగతి వేరు. ఇటలీలో 2006లో మొలలున్నవారికి మిరప గుళికలు, ఉత్త గుళికలు ఇచ్చి పోల్చి చూస్తే బాధల్లో తేడా కనబడలేదు. అయితే మలద్వారం దగ్గర చీలిక ఉన్నవారికి కారం మంట పెంచుతుంది. విరేచనమప్పుడు కోసినట్టు నొప్పి, తర్వాత గంటల తరబడి మంట ఉంటే అది చీలిక కావచ్చు. లోపలి మొలల్లో తరచు నొప్పి లేకుండానే రక్తం పడుతుంది. రెండూ కలిసి ఉండేవారూ ఉన్నారు.

రక్తం మలంలో కలిసి ముదురు రంగులో వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా, బరువు తగ్గుతున్నా, నలభై అయిదు దాటాక విరేచనం అలవాటు కొత్తగా మారినా కూర మార్చి చూస్తూ కూర్చోకూడదు. వైద్యుడు వేలితో, అవసరమైతే గొట్టం పరీక్షతో లోపల చూడాలి. పెద్దపేగు పుండ్లు, క్యాన్సర్ కూడా మొదట్లో మొలల్లాగే రక్తం చూపిస్తాయి.