బిల్లులో కోత పడితే ఉత్తరం ఎలా రాయాలి?

ఊళ్లో మురుగు కాలువ కట్టిన చిన్న కాంట్రాక్టరు రూ.8,10,000కు బిల్లు పెట్టాడనుకుందాం. పాసైంది రూ.7,20,000. ఇలాంటప్పుడు చాలామంది ‘మాకు అన్యాయం జరిగింది’ అంటూ రెండు పేజీలు రాస్తారు. అలాంటి ఉత్తరం ఫైల్లో పడి ఉంటుందే తప్ప పైసా రాల్చదు. ఆ 90 వేలు ఏయే ఐటమ్‌లో ఎంతెంత తగ్గాయో ముందు విడదీయాలి.

ఇక్కడ మట్టి తవ్వకంలో 15 వేలు, కాంక్రీటులో 54 వేలు, సీనరేజి కింద 21 వేలు తగ్గాయి. మూడింటికీ కారణాలు వేరు, జవాబులూ వేరే.

కష్టమంతా తవ్వకం దగ్గరే. కాంట్రాక్టరు 300 ఘనపు మీటర్లు తవ్వానంటాడు. ఎం-బుక్‌లో 240 మాత్రమే ఎక్కింది. ఘనపు మీటరుకు 250 చొప్పున 60 ఘనపు మీటర్లకు 15 వేలు పోయాయి. ఒకచోట మెత్తటి నేల తగిలితే గట్టి నేల వచ్చేదాకా తవ్వించారు, కొలత మాత్రం డ్రాయింగులోని లోతుకే రాశారు. ఇప్పుడు పైన కాంక్రీటు పడిపోయింది, టేపు పెట్టి చూపించలేం. అందుకే ఉత్తరంలో ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీన ఏఈ గారు సైటుకు వచ్చి అదనపు లోతు తవ్వమని సైట్ ఆర్డర్ బుక్‌లో రాశారు. ఆ పేజీ నకలు, కాంక్రీటుకు ముందు తీసిన లెవెల్స్ జతపరిచాను.’ ఆ రెండూ లేకపోతే ఈ ఐటమ్ దాదాపు పోయినట్టే. కప్పేసే పనిని కప్పకముందే కొలిపించుకోవాలి. కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు షరతుల్లో దీనికి కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది.

కాంక్రీటులో 5,40,000కు పది శాతం ఆపారు. 28 రోజుల క్యూబ్ ఫలితం రాలేదు కాబట్టి పార్ట్ రేటు ఇచ్చారు. నా దృష్టిలో దీనిమీద గొడవపడటం తెలివితక్కువ. ‘పరీక్ష ఫలానా తేదీన పూర్తవుతుంది, ఫలితం రాగానే వచ్చే బిల్లులో విడుదల చేయగలరు’ అంటే చాలు. న్యాయమైన కోతను ఒప్పుకుంటే మిగతా రెండు అభ్యంతరాలకు విలువ పెరుగుతుంది.

సీనరేజి సంగతి కాగితాలతో తేలేది. కంకర అమ్మిన క్రషర్ అప్పటికే కట్టి ఉంటే, పర్మిట్లు, కొనుగోలు బిల్లులు జతచేసి, ఏ బిల్లుకు ఎంత కంకరో పట్టిక వేసి, వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇమ్మని అడగాలి. పర్మిట్లలోని పరిమాణం ఎం-బుక్‌లోని కాంక్రీటుకు సరిపోవాలి. ఎంత తక్కువైతే అంత మేరకు కోత నిలుస్తుంది.

బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు ‘అభ్యంతరాలకు లోబడి’ అని రాయడం మరిచిపోకూడదు. ఏమీ రాయకుండా సంతకం చేస్తే, కొలతలు ఒప్పుకున్నారు కదా అని తర్వాత అదే చూపిస్తారు. ఉత్తరాన్ని ఈఈ ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకుని రావాలి.