డాలరు రెండు రూపాయలు కదిలితే ఎవరికెంత?

రొయ్యల ఎగుమతిదారు అమెరికా కొనుగోలుదారుకి ధర చెప్పేది డాలర్లలో. రైతుకి, ఐస్‌కి, కరెంటుకి, ప్లాంటులో తొక్క తీసే కూలీలకి చెల్లించేది రూపాయల్లో. ఈ రెంటి మధ్య మారకం రేటు కదలడం వల్ల వచ్చే ముప్పునే ఫైనాన్స్ పరిభాషలో ఎక్స్‌పోజర్ అంటారు. దీన్ని మూడు రకాలుగా చెబుతారు: ట్రాన్సాక్షన్, ట్రాన్స్‌లేషన్, ఎకనామిక్. ఇన్‌వాయిస్ మీద కనిపించే మొదటి రకం గురించే అందరూ మాట్లాడతారు. నా అభిప్రాయంలో మూడింటిలో అతి పెద్దది ఏ కాగితం మీదా కనిపించదు. అయినా లెక్కకు లొంగేది మొదటిదే కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

భీమవరం వైపు ఒక ఎగుమతి సంస్థ ఉందనుకుందాం. లెక్క సులువుగా ఉండాలని ఇక్కడి అంకెలన్నీ నేను అనుకున్నవే. సంస్థ 25,000 కిలోల రొయ్యల్ని కిలో 8 డాలర్ల చొప్పున అమ్మడానికి ఒప్పుకుంది. మొత్తం 2,00,000 డాలర్లు. డబ్బు వచ్చేది 90 రోజుల తర్వాత. ఒప్పందం రోజున డాలరు 84 రూపాయలు, అంటే 1,68,00,000 రూపాయలు చేతికొస్తాయని అంచనా. సరుకు కొని, శుద్ధి చేసి, ఓడెక్కించేదాకా ఖర్చు 1,62,00,000. మిగిలేది 6 లక్షలు.

తొంభయ్యో రోజున డాలరు 82కి దిగిందనుకోండి. అవే డాలర్లకు 1,64,00,000 మాత్రమే వస్తాయి. లాభం 6 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోయింది. రేటు కదిలింది రెండున్నర శాతం కన్నా తక్కువే, లాభంలో పోయింది మూడింట రెండు వంతులు. మార్జిన్ పలచగా ఉన్న వ్యాపారంలో చిన్న కదలిక కూడా ఎందుకు గట్టిగా తగులుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. డాలరు 81కి చేరితే లాభం మొత్తం పోయి అసలు ఖర్చే మిగులుతుంది. ఆ 81 ఎంత దూరంలో ఉందో ధర ఒప్పుకునే రోజునే చూసుకోవాలి.

ఈ ముప్పుకి మందు ఫార్వర్డ్ కాంట్రాక్ట్. మూడు నెలల తర్వాత వచ్చే డాలర్లను ఇవాళే ఒక రేటుకి బ్యాంకుకి అమ్మేస్తారు. మన వడ్డీ రేట్లు అమెరికా కన్నా ఎక్కువగా ఉన్నప్పుడు ఫార్వర్డ్ రేటు ఇవాళ్టి రేటు కన్నా కాస్త ఎక్కువే పలుకుతుంది. 84.40 పలికిందనుకుంటే 1,68,80,000 ఖాయం. డాలరు 82కి పడినా లాభం 6,80,000 చెక్కుచెదరదు. డాలరు 86కి పెరిగితే మాత్రం మార్కెట్లో 1,72,00,000 వచ్చేది కదా అని మనసు పీకుతుంది. అది నష్టం కాదు, చేజారిన లాభం. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా చూసి, మరుసటి ఆర్డరుకి కవర్ మానేస్తారు. డాలరు దిగేది సరిగ్గా ఆ ఆర్డరుకైతే దెబ్బ తప్పదు.

నిజమైన నష్టం వేరే దారిలో వస్తుంది. సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి అక్కడి తనిఖీలో కన్సైన్‌మెంట్ తిరస్కరణకు గురైతే డాలర్లు రావు. బ్యాంకుతో ఒప్పందం మాత్రం అలాగే ఉంటుంది. గడువు రోజున డాలరు 86 ఉంటే, 84.40కి ఇస్తానన్న డాలర్లను 86కి కొన్నట్టు లెక్కగట్టి కాంట్రాక్ట్ రద్దు చేస్తారు. 2,00,000 డాలర్ల మీద ఆ తేడా 3,20,000 రూపాయలు. సరుకు పోయిన బాధకి ఇది అదనం. అందుకే డబ్బు రావడం అనుమానంగా ఉన్న ఆర్డర్లకు కొందరు ఆప్షన్ తీసుకుంటారు. డాలరుకి 40 పైసల ప్రీమియం, అంటే 80,000 రూపాయలు ముందే కట్టి, 84కి అమ్మే హక్కు కొనుక్కుంటారు. డాలరు 82కి దిగితే ప్రీమియం పోను 1,67,20,000 దక్కుతాయి. 86కి పెరిగితే హక్కు వదిలేసి మార్కెట్లో అమ్ముకుంటారు, అప్పుడు 1,71,20,000. సరుకు తిరస్కరణకు గురైనా పోయేది ఆ ప్రీమియమే.

ఈ ముప్పు ఇన్‌వాయిస్ రాసిన రోజున మొదలవదు. డాలర్లలో ధర చెప్పి, అవతలివాళ్లు ఊఁ అన్న రోజునే మొదలవుతుంది. ప్యాకింగ్‌కీ షిప్‌మెంట్‌కీ పట్టే ఆ వారాలను కవర్ లేకుండా వదిలేసే సంస్థలు తమ ముప్పుని తక్కువగా లెక్కేసుకుంటున్నట్టే. ఇంకో సంగతి, చూడాల్సింది నికర మొత్తాన్ని. అదే సమయానికి విదేశీ యంత్రానికి 20,000 డాలర్లు కట్టాల్సి ఉంటే ముప్పులో ఉన్నది 1,80,000 డాలర్లే.

రెండోది ట్రాన్స్‌లేషన్ ఎక్స్‌పోజర్, ఇది ఖాతా పుస్తకాల సంగతి. మన సంస్థకే అమెరికాలో ఒక అనుబంధ కంపెనీ, దానికి అప్పులు పోను 10 లక్షల డాలర్ల ఆస్తి ఉందనుకుందాం. ఏటా మార్చి 31న దాని లెక్కల్ని రూపాయల్లోకి మార్చి మాతృసంస్థ లెక్కల్లో కలపాలి. డాలరు 84 నుంచి 82కి దిగితే ఆ ఆస్తి విలువ కాగితం మీద 20 లక్షలు తగ్గుతుంది. గోదాము అక్కడే ఉంది, సరుకూ అక్కడే ఉంది, ఒక్క పైసా చేతులు మారలేదు. మన అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం సాధారణంగా ఈ తేడా ఆ ఏడాది లాభనష్టాల్లోకి రాకుండా విడిగా ఒక రిజర్వులో ఉంటుంది, ఆ కంపెనీని అమ్మేసినప్పుడే లాభనష్టాల్లోకి వస్తుంది. అప్పిచ్చిన బ్యాంకు నికర విలువ ఇంత తగ్గకూడదని షరతు పెట్టి ఉంటే తప్ప, దీనికోసం నగదు ఖర్చుపెట్టి కవర్ తీసుకోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

ఇక మూడోది ఎకనామిక్ ఎక్స్‌పోజర్. అమెరికా రొయ్యల మార్కెట్లో మనకు గట్టి పోటీదారు ఈక్వెడార్. ఆ దేశం 2000లో తన సొంత కరెన్సీ సుక్రేని వదిలి డాలర్నే వాడుకలోకి తెచ్చుకుంది. కాబట్టి రూపాయి బలపడితే డాలర్లలో మన ఖర్చు పెరుగుతుంది, వాళ్లది అలాగే ఉంటుంది. పై లెక్కనే కిలోకి తెచ్చి చూడండి. ఖర్చు 648 రూపాయలు. డాలరు 84 ఉన్నప్పుడు 8 డాలర్లకు 672 వచ్చేవి, మిగులు 24. డాలరు 82 దగ్గర స్థిరపడితే వచ్చేది 656, మిగులు 8. పాత మిగులు నిలబడాలంటే ధర దాదాపు 8.20 డాలర్లకు పెంచాలి. ఈక్వెడార్ సరుకు 8 డాలర్లకే దొరుకుతుంటే కొనుగోలుదారు ఆ ఇరవై సెంట్లు ఎందుకిస్తాడు?

ఇవ్వడు. అప్పుడు ఎగుమతిదారు ఆ పదహారు రూపాయల్లో వీలైనంత వెనక్కి, కొనుగోలు ధరలోకి నెడతాడు. వంద కౌంటుకి, యాభై కౌంటుకి చెరువు గట్టు మీద పలికే ధర తగ్గుతుంది. ఆ రైతు చేతిలో డాలరు బిల్లు లేదు, విదేశీ కంపెనీ లేదు, ఏ బ్యాంకూ అతనికి ఫార్వర్డ్ అమ్మదు. అయినా మారకం రేటు దెబ్బ అతని దాకా వచ్చింది. పెట్టుబడి పెట్టి, మేత వేసి, నెలల తరబడి సాకిన పంట పట్టే వారంలో ధర దిగితే అతనికి వాయిదా వేసే వీలు తక్కువ. ఎక్స్‌పోజర్ గురించి రాసేటప్పుడు ఇతన్ని వదిలేయడం అన్యాయమని నేననుకుంటాను.

రూపాయి బలహీనపడితే ఇదంతా తిరగబడి లాభమే వస్తుందనుకోవడం కూడా సరికాదు. మీకు రూపాయల్లో ఎక్కువ వస్తోంది కదా అని కొనుగోలుదారే ధర తగ్గించమంటాడు. వియత్నాం, ఇండోనేషియా కరెన్సీలు కూడా అదే సమయంలో పడితే వాళ్లమీద మనకు దక్కే మెరుగేమీ ఉండదు. పైగా తల్లి రొయ్యలు దిగుమతి సరుకే, వాటి ధర పెరుగుతుంది.

ఒక ఆర్డరుకి ఫార్వర్డ్ పనికొస్తుంది, మూడేళ్ల పోటీకి పనికిరాదు. దానికి మార్కెట్ల మీద, సరుకు మీద చేసే మార్పులే దారి: కొంత సరుకు యూరోకి, కొంత యెన్‌కి అమ్మడం, ధరతో మాత్రమే పోటీపడే బ్లాక్ ఫ్రోజెన్ రొయ్యల నుంచి వండిన, మసాలా పట్టించిన రకాల వైపు మళ్లడం. వీటికి యంత్రాలు కావాలి, కొనుగోలుదారుల నమ్మకం కావాలి, ఏళ్లు పడతాయి. తన ముప్పు ఎంతో తెలుసుకోవాలనుకునే సంస్థ మూడు నాలుగేళ్ల లెక్కలు తీసి, నెలనెలా డాలరు రేటు పక్కన అమ్మిన కిలోలూ, కిలోకి మిగిలిన రూపాయలూ, రైతుకిచ్చిన కౌంట్ ధరా రాసుకుంటే చాలు. రేటు కదిలిన కొన్ని నెలలకు ఏ వరుస వంగిందో చూస్తే, దెబ్బ తాను భరిస్తోందో, చెరువు గట్టుకి దాటిస్తోందో తెలిసిపోతుంది.