యూనిట్లకూ సిలిండర్‌కూ ఒకే తూకం

విజయవాడలో ఉండే మా చెల్లెలు ఒక ఆదివారం భోజనాలయ్యాక రెండు కాగితాలు నా ముందు పెట్టింది. ఒకటి కరెంటు బిల్లు, రెండోది గ్యాస్ రసీదు. "ఈ ఇంట్లో ఏది ఎక్కువ తింటోంది అన్నయ్యా, కరెంటా గ్యాసా? గ్యాస్ మానేసి ఇండక్షన్ మీద వండితే ఎన్ని యూనిట్లు పెరుగుతాయి?" అని అడిగింది. ఒక కాగితం మీద యూనిట్లున్నాయి, ఇంకో దాని మీద కిలోలున్నాయి. రూపాయల్లో పోల్చవచ్చు గానీ, ధర వెనక శ్లాబులూ సుంకాలూ ఉంటాయి కాబట్టి దాన్నిబట్టి అసలు శక్తి ఎంత ఖర్చయిందో తెలియదు. అది తెలియాలంటే రెండింటినీ ఒకే కొలతలోకి, అంటే మెగాజౌళ్లలోకి మార్చాలి.

ముందు కరెంటు బిల్లు చూశాం. మనం యూనిట్ అనేదాన్ని బిల్లు మీద kWh అని వేస్తారు. అంటే కిలోవాట్ అవర్. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆగకుండా గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ కాలుతుంది. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. వెయ్యి వాట్లంటే సెకనుకు వెయ్యి జౌళ్లు. గంటకు 3,600 సెకన్లు. రెండూ గుణిస్తే 36 లక్షల జౌళ్లు. పది లక్షల జౌళ్లను ఒక మెగాజౌల్ అంటారు కనుక ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. ఇది ఉజ్జాయింపు కాదు, నిర్వచనం నుంచి వచ్చిన ఖచ్చితమైన సంఖ్య.

MJ = kWh × 3.6

చెల్లెలి బిల్లులో ముందు రీడింగ్ 8405, ఇప్పటి రీడింగ్ 8578. తేడా 173 యూనిట్లు. 3.6తో గుణిస్తే 622.8 మెగాజౌళ్లు. ఇక్కడ చాలామంది గుణించడానికి బదులు భాగిస్తారు. దాన్ని పట్టుకోవడం తేలికే. మెగాజౌల్ యూనిట్ కంటే చిన్నది కాబట్టి మెగాజౌళ్ల సంఖ్య ఎప్పుడూ యూనిట్ల సంఖ్య కంటే పెద్దదిగానే రావాలి. చిన్నదిగా వచ్చిందంటే లెక్క తిరగబడినట్టే. రాసేటప్పుడు కూడా MJ అని పెద్ద ఎమ్‌తో రాయాలి. చిన్న ఎమ్‌తో రాస్తే అది మిల్లీజౌల్ అవుతుంది.

జౌల్ ఎంతదో కళ్లారా చూపించాలని చెల్లెల్ని మీటర్ దగ్గరికి తీసుకెళ్లాను. డిజిటల్ మీటర్ మీద ఒక చిన్న ఎర్రదీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన 3200 imp/kWh అని అచ్చువేసి ఉంది. అంటే దీపం 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. 36 లక్షల జౌళ్లను 3,200తో భాగిస్తే ఒక్కో మెరుపుకు 1,125 జౌళ్లు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు ముప్పై కిలోలుంటుంది. దాన్ని ఒక అంతస్తు పైకి ఎత్తితే ఖర్చయ్యే శక్తి కంటే ఒక్క మెరుపు కాస్త ఎక్కువే. మనిషికి చెమటలు పట్టించే ఆ పని విలువ మీటర్‌లో ఒక్క మెరుపు కూడా కాదు.

తర్వాత సిలిండర్ సంగతి. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. వంటగ్యాస్ కిలో మండితే దాదాపు 46 మెగాజౌళ్ల వేడి వస్తుంది. గుణిస్తే సిలిండర్‌కు సుమారు 653 మెగాజౌళ్లు. యూనిట్లలో చెప్పాలంటే దాదాపు 181. "అయితే గ్యాసే ఎక్కువ తింటోంది" అంది చెల్లెలు. అక్కడే ఆపాను. సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందని అడిగితే వంటింటి క్యాలెండర్ చూసి నలభై రోజులని చెప్పింది. బిల్లు మీద రెండు రీడింగుల తేదీలు చూస్తే మధ్య 32 రోజులున్నాయి. రీడింగ్ తీసేవారు ప్రతినెలా ఒకే తేదీన రారు. కాబట్టి నెలకు అని కాకుండా రోజుకు అని లెక్కవేస్తేనే పోలిక నిలుస్తుంది. కరెంటు రోజుకు 19.5 మెగాజౌళ్లు, గ్యాస్ రోజుకు 16.3. కరెంటే ఎక్కువ. రోజుల లెక్క వదిలేసి ఉంటే జవాబు తలకిందులయ్యేది.

గ్యాస్‌కు వేసిన 46 అనే సంఖ్యలోనూ ఒక మెలిక ఉంది. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి తనతో పట్టుకెళ్లిన వేడిని లెక్కలోంచి తీసేస్తే 46, దాన్ని కూడా కలిపితే దాదాపు 50 వస్తుంది. మొదటిదాన్ని నికర ఉష్ణ విలువ అనీ, రెండోదాన్ని స్థూల ఉష్ణ విలువ అనీ అంటారు. వంటపొయ్యి మీద ఆవిరి గాలిలోకే పోతుంది కాబట్టి మనకు నికర విలువే పనికొస్తుంది. రెండు ఇంధనాలను పోల్చేటప్పుడు ఒకదానికి నికరం, మరొకదానికి స్థూలం వేస్తే అసలు లేని తేడా పుట్టుకొస్తుంది.

చెల్లెలి రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. గ్యాస్ రోజుకు 16.3 మెగాజౌళ్లు కదా అని దాన్ని 3.6తో భాగించి, రోజుకు 4.5 యూనిట్లు, ముప్పై రోజులకు 136 యూనిట్లు పెరుగుతాయని చెప్పడం తప్పు. సిలిండర్‌లోంచి వచ్చిన వేడంతా గిన్నెలోకి పోదు. చాలా భాగం గిన్నె పక్కల నుంచి వంటింట్లోకి పోతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం గ్యాస్ పొయ్యి పరీక్షలో కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. బర్నర్ మూసుకుపోయి మంట పచ్చగా ఉన్నా, చిన్న గిన్నె కింద పెద్ద మంట పెట్టినా అంత కూడా అందదు.

ఇండక్షన్ పొయ్యి సంగతి మేమే తేల్చుకున్నాం. పక్కింటి వాళ్ల పొయ్యి అరువు తెచ్చుకుని, ఫ్రిజ్‌తో సహా ఇంట్లో మిగతావన్నీ ఆపేశాం. లీటరు నీళ్లు మూతపెట్టి మరిగించాం. మేనల్లుడు మీటర్ దీపాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు. తర్వాత నెమ్మదిగా నడిపించి లెక్కపెడితే 310 మెరుపులు వచ్చాయి. ఒక్కోటి 1,125 జౌళ్ల చొప్పున మొత్తం దాదాపు 3.49 లక్షల జౌళ్లు. ముప్పై డిగ్రీల లీటరు నీళ్లు నూరు డిగ్రీలకు చేరడానికి కావలసింది దాదాపు 2.93 లక్షల జౌళ్లు. అంటే మీటర్ దాటిన శక్తిలో 84 శాతం నీళ్లలోకి చేరింది.

ఇప్పుడు సరైన లెక్క వేయవచ్చు. గ్యాస్ నుంచి రోజుకు వచ్చే 16.3 మెగాజౌళ్లలో 68 శాతం, అంటే దాదాపు 11.1 గిన్నెలోకి చేరుతున్నాయి. వంటకు నిజంగా కావలసింది అంతే. ఇండక్షన్ మీద అంత వేడి గిన్నెకు అందాలంటే 11.1ని 0.84తో భాగించాలి. మీటర్ దగ్గర 13.2 మెగాజౌళ్లు కావాలి. వాటిని 3.6తో భాగిస్తే రోజుకు 3.7 యూనిట్లు, నెలకు దాదాపు 110. ఊరికే భాగిస్తే వచ్చిన 136 కంటే ఇది 26 యూనిట్లు తక్కువ. ఆ పొయ్యి మీద నిజంగా 68 శాతం అందకపోతే ఇంకా తగ్గుతుంది. "అయితే నా 173కి ఇంకో 110 కలుస్తాయన్నమాట. శ్లాబు మారిపోతుందేమో" అంది చెల్లెలు. అది రూపాయల లెక్క. దానికి ఆ నెల అమల్లో ఉన్న రేట్ల పట్టిక చూసుకోవాలి.

శక్తి పోలికలో చివరి మెట్టు ఇంకోటుంది. ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చిమ్నీలు విజయవాడ వాళ్లందరికీ తెలిసినవే. అలాంటి బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తయారు కావడానికి సుమారు పది మెగాజౌళ్ల బొగ్గు వేడి కావాలి. అందులో కరెంటుగా మారేది 3.6. మిగతాది కూలింగ్ టవర్ల నుంచీ చిమ్నీల నుంచీ బయటికి పోతుంది. కరెంటంతా బొగ్గు నుంచే వస్తుందనుకుంటే మా చెల్లెలి 3.7 యూనిట్ల వంటకు అక్కడ దాదాపు 37 మెగాజౌళ్ల బొగ్గు కాలాలి. దారిలో తీగల్లో పోయేది దీనికి అదనం. గ్యాస్ పొయ్యికైతే 16.3తో సరిపోయింది. అదే కరెంటు శ్రీశైలం నీటి నుంచో, కర్నూలు సోలార్ పార్కు నుంచో వస్తే ఈ పది అనే సంఖ్య వర్తించదు. మన ప్లగ్గులోకి వచ్చేది వీటన్నిటి కలబోత. కాబట్టి ఇండక్షన్ శక్తిని ఆదా చేస్తుందా అనే ప్రశ్నకు ఇంటి మీటర్ దగ్గర కొలిస్తే అవుననీ, బొగ్గు గుట్ట దగ్గర కొలిస్తే కాదనీ జవాబు వస్తుంది. రెండూ నిజమే. తప్పెక్కడంటే, ఒకదాన్ని మీటర్ దగ్గరా ఇంకోదాన్ని గనుల దగ్గరా కొలిచి పక్కపక్కన పెట్టడం.

బిల్లు మీద సంఖ్య తీసుకునేటప్పుడే రెండు పొరపాట్లు జరుగుతాయి. కొన్ని బిల్లుల్లో kWh పక్కనే kVAh కూడా ఉంటుంది. మోటార్లున్న చోట రెండింటికీ తేడా వస్తుంది. నిజంగా వాడుకున్న శక్తి kWh. 3.6తో గుణించాల్సింది దాన్నే. రెండోది డాబా మీద సోలార్ పలకలున్న ఇళ్ల సంగతి. ఒక ఇల్లు గ్రిడ్ నుంచి 220 యూనిట్లు తీసుకుని, 180 తిరిగి ఇచ్చిందనుకోండి. బిల్లులో నికరంగా 40 మాత్రమే కనిపిస్తుంది. పలకలు 300 యూనిట్లు తయారుచేసి ఉంటే ఆ ఇల్లు వాడింది 220కి 300 కలిపి 180 తీసేస్తే వచ్చే 340. అంటే 1,224 మెగాజౌళ్లు. నికరం చూసి 144 అని రాసుకుంటే ఆ ఇల్లు చేసిన ఖర్చులో చాలా భాగం లెక్కలోంచి జారిపోయినట్టే.

మా చెల్లెలు ఇప్పుడు సిలిండర్ మార్చిన తేదీని క్యాలెండర్‌లో, మీటర్ రీడింగ్‌ను దాని కిందే రాసుకుంటోంది. మీరూ పోల్చాలనుకుంటే ప్రతి మెగాజౌల్ సంఖ్య పక్కన రెండు మాటలు రాసుకోండి: ఎన్ని రోజులది, ఎక్కడ కొలిచింది. ఆ రెండూ రెండు వైపులా ఒకటే అయితేనే ఆ సంఖ్యలను పక్కపక్కన పెట్టండి.