జవాబు తప్పితే ముందు వెతుకులాటను చూడండి

అప్లైడ్ మెషీన్ లెర్నింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒక ప్రశ్నకు సిద్ధపడి ఉండాలి. "పత్రాల్లో వెతికి జవాబిచ్చే అప్లికేషన్ కట్టారు. అది తప్పు చెప్పింది. ఎక్కడి నుంచి పరీక్షిస్తారు?" ఇంకా పెద్ద మోడల్ పెడతామనో, ప్రాంప్ట్ మారుస్తామనో వెంటనే చెప్పాలనిపిస్తుంది. కానీ అడిగేవాళ్లకు కావలసింది వేరు. సరైన పేరా దొరకక జవాబు తప్పిందా, దొరికాక కూడా మోడల్ తప్పు రాసిందా అన్నది మీరు విడదీసి చెప్పగలరా అని వాళ్లు చూస్తారు.

ఒక నిజమైన పత్రం తీసుకుందాం. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో 31 సెక్షన్లున్నాయి. సామాన్యుడికి అర్థమయ్యేలా, అతను అడిగిన భాషలోనే దాని మీద జవాబు చెప్పే అప్లికేషన్ మనం కడుతున్నాం. ఒకాయన ఇలా అడిగాడనుకోండి: "దరఖాస్తు పెట్టి 30 రోజులు దాటింది, జవాబు రాలేదు. అప్పీలుకు ఎంత గడువుంది?"

దీన్ని నేరుగా పెద్ద భాషా నమూనాకు, అంటే ఎల్‌ఎల్‌ఎంకు ఇస్తే ధారాళంగా ఏదో ఒకటి చెబుతుంది. ఇక్కడే ప్రమాదం ఉంది. ఈ చట్టంలో సమాచారం ఇవ్వడానికి గడువు 30 రోజులు, మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండో అప్పీలుకు 90 రోజులు. వీటిని కలిపేసి చెప్పినా వాక్యం నమ్మకంగానే వినిపిస్తుంది. అందుకే సంబంధించిన సెక్షన్‌ను ముందు వెతికి తెచ్చి, ప్రశ్నతో పాటు మోడల్ ముందు పెట్టి, దీన్ని చూసే జవాబు రాయమంటాం. 2020లో ప్యాట్రిక్ లూయిస్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన పత్రంతో ఈ పద్ధతికి ర్యాగ్ అనే పేరు స్థిరపడింది.

వెతకడానికి ఆధారం ఎంబెడింగ్. ఒక వాక్యాన్ని ఎంబెడింగ్ మోడల్‌కిస్తే అది ఒక సంఖ్యల వరుసను తిరిగి ఇస్తుంది. దీన్నే వెక్టర్ అంటాం. బాగా వాడుకలో ఉన్న `all-MiniLM-L6-v2` అనే చిన్న మోడల్ 384 సంఖ్యలు ఇస్తుంది. అర్థం దగ్గరగా ఉన్న వాక్యాల వెక్టర్లు ఒకే దిశను చూసేలా ఈ మోడల్‌కు శిక్షణ ఇస్తారు. మూడు సంఖ్యలతో చూద్దాం. ప్రశ్న వెక్టర్ (1, 2, 2), ఒక పేరా వెక్టర్ (2, 1, 2) అనుకోండి. జతలను గుణించి కూడితే 8 వస్తుంది. రెండింటి పొడవూ 3 కాబట్టి 8ని 9తో భాగిస్తే సుమారు 0.89. ఇదే కొసైన్ సామ్యం. మరో పేరా (2, −2, 1) అయితే కూడిక సున్నా, అంటే దానికీ ప్రశ్నకూ పొంతన లేదు. ప్రశ్నతో పేరాలన్నిటినీ ఇలా పోల్చి, పై స్థానాల్లో నిలిచిన ఐదింటిని ఎంచుకోవడమే రిట్రీవల్. మన చట్టమంత చిన్న పత్రానికి వెక్టర్ డేటాబేస్ అవసరం లేదు. అసలు చట్టం మొత్తం ఒకే ప్రాంప్టులో పట్టే మోడళ్లు ఇప్పుడు ఉన్నాయి, ఇంటర్వ్యూలో ఈ మాట దాచకుండా చెప్పండి. సమాచార కమిషన్ల వేలాది తీర్పులు కూడా చేర్చినప్పుడే వెతుకులాట తప్పనిసరి అవుతుంది.

ఇప్పుడు మన ప్రశ్న దగ్గరికి వద్దాం. దీనికి సరైన జవాబు సెక్షన్ 19(1)లో ఉంది. గడువు ముగిసిన నాటి నుంచి 30 రోజుల్లోగా, అదే కార్యాలయంలో పౌర సమాచార అధికారి కన్నా పై హోదాలో ఉన్న అధికారికి అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలూ ఉంది. కానీ "30 రోజులు", "జవాబు రాలేదు" అన్న మాటలకు సెక్షన్ 7(1) కూడా అంతే దగ్గరగా కనిపిస్తుంది. పైగా 19(3) ఉంది. రెండో అప్పీలుకు 90 రోజులు అని చెప్పే ఆ ఉపసెక్షన్ మొదటి అప్పీలును పేరుతో చెప్పదు, "ఉపసెక్షన్ (1) కింది నిర్ణయం" అని మాత్రమే అంటుంది. దాన్ని విడి ముక్కగా కోసి ఎంబెడ్ చేస్తే ఆ నిర్ణయం దేని గురించో తెలిపే ఆధారం అందులో ఉండదు. నా దృష్టిలో ఇలాంటి అప్లికేషన్లలో ఎక్కువ నష్టం ఈ కోతలోనే జరుగుతుంది. ప్రతి 500 అక్షరాలకు ఒకసారి గుడ్డిగా కోయకుండా ఉపసెక్షన్ హద్దుల్లో కోయాలి. ప్రతి ముక్క తలమీద "సెక్షన్ 19, అప్పీలు, రెండో అప్పీలు గడువు" వంటి ఒక వాక్యం చేర్చి ఆ తర్వాతే ఎంబెడ్ చేయాలి.

కొన్ని పొరపాట్లు ఏ ఎర్రర్ చూపకుండా జరిగిపోతాయి. పైన చెప్పిన `all-MiniLM-L6-v2` తనకు ఇచ్చిన పాఠంలో 256 టోకెన్ల తర్వాతది వదిలేస్తుంది. పొడుగాటి సెక్షన్ ఇస్తే చివరి భాగం వెక్టర్‌లోకి రానే రాదు. అది ప్రధానంగా ఇంగ్లిష్ మోడల్ కాబట్టి తెలుగు ప్రశ్నకు ఇంగ్లిష్ చట్టపాఠాన్ని జత చేయడంలో దాన్ని నమ్మలేం. బహుభాషా మోడల్ కావాలి. `multilingual-e5` రకం మోడళ్లు ప్రశ్న ముందు `query: ` అనీ, పేరా ముందు `passage: ` అనీ చేర్చమని అడుగుతాయి. చేర్చకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది, ఫలితాల నాణ్యత మాత్రం తగ్గుతుంది.

ఇంకో పరిమితి ఉంది. "19(3) ఏం చెబుతుంది?" అని ఎవరైనా అడిగితే ఎంబెడింగ్ తడబడవచ్చు, ఎందుకంటే 19(1)కీ 19(3)కీ అర్థంలో తేడాను అది బలంగా పట్టుకోదు. ఇలాంటి చోట మాటకు మాట సరిపోల్చే పాత పద్ధతి బీఎం25 మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే రెండు రకాలుగా వెతికి, రెండు జాబితాల్లో వచ్చిన స్థానాలను బట్టి కలుపుతారు. అలా వచ్చిన ఇరవై ముప్ఫై ముక్కలను రీర్యాంకర్ అనే మరో మోడల్ ప్రశ్నతో కలిపి ఒక్కొక్కటిగా చదివి, వరుసను సరిచేస్తుంది. అది నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే మొదటి వడపోతకు దాన్ని వాడరు.

ఇదంతా పనిచేస్తోందని ఎలా చెప్పగలం? మనుషులు నిజంగా అడిగేలాంటి 50 ప్రశ్నలు రాసి, ప్రతి దానికీ సరైన ఉపసెక్షన్ గుర్తుపెట్టుకోవాలి. మొదటి ఐదు ఫలితాల్లో సరైనది 38 ప్రశ్నలకే కనిపించిందనుకోండి. అప్పుడు రీకాల్ 76 శాతం. ఆ 38లో మోడల్ 35కు సరైన జవాబు రాసిందనుకుందాం. అప్పుడు వెతకడంలో 12 తప్పులు, రాయడంలో 3. ఈ లెక్క ముందుంటే పెద్ద మోడల్‌కు డబ్బు పెట్టాలన్న మాట ఎవరూ ఎత్తరు. కోతను, శీర్షికలను, బీఎం25ను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పు తర్వాత అదే 50 ప్రశ్నలను మళ్లీ నడపాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల మెరుగైందో తెలియదు.

రాయడంలో తప్పిన ఆ మూడింటికి మందు ప్రాంప్టులో ఉంటుంది. ఇచ్చిన పేరాల్లో లేనిది చెప్పవద్దనీ, ప్రతి జవాబుకూ సెక్షన్ సంఖ్య చూపమనీ, ఆధారం దొరకకపోతే దొరకలేదని చెప్పమనీ రాయాలి. ఆ చివరి సూచనను పరీక్షించడానికి చట్టంలో జవాబే లేని ప్రశ్నలు కొన్ని విడిగా రాసి పెట్టుకోవాలి. వాటికి కూడా ధీమాగా జవాబు చెప్పే అప్లికేషన్‌ను జనం ముందు పెట్టకూడదు. దాన్ని నమ్మి అప్పీలు గడువు దాటబెట్టుకున్న మనిషికి జరిగే నష్టం నిజమైనది.

ఇంటర్వ్యూకి సిద్ధమయ్యేవాళ్లు ఈ చట్టాన్నే తెచ్చుకుని, ఆ 50 ప్రశ్నలూ చేతితో రాసి, రీకాల్ లెక్కగట్టి వెళ్లండి.