ముందూ తర్వాతా బీపీ చూడాలంటే ఎంతమంది కావాలి?

థీసిస్ మొదలుపెట్టే పీజీ డాక్టర్లు తరచూ నన్ను ఇదే అడుగుతారు. "సార్, పన్నెండు వారాలు రోజూ నడిపించి, ముందూ తర్వాతా పై బీపీ కొలుస్తాం. ఎంతమందిని తీసుకోమంటారు?" చేతిలో ఒక పాత పేపరు ఉంటుంది. అందులో బీపీ ప్రామాణిక విచలనం 14 అని ఉంటుంది. అంటే రోగుల బీపీలు సగటుకు అటూ ఇటూ అంత మేర చెదిరి ఉన్నాయని. ఆ 14నే సూత్రంలో వేసి 62 మంది అని లెక్క చూపిస్తారు. లెక్క సరిగ్గానే చేస్తారు. కానీ ఆ 14 మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా. మనం చూడబోయేది ఒకే మనిషిలో వచ్చే మార్పు.

ఎనిమిది మందితో చిన్న పైలట్ చేశామనుకుందాం. మొదటాయన బీపీ 128 నుంచి 116కి దిగింది. రెండో ఆయనది 162 నుంచి 168కి ఎక్కింది. ఇలా ఒక్కొక్కరి తగ్గుదల రాసుకుంటే 12, −6, 9, 3, −4, 14, 0, 12 అని వచ్చింది. సగటు 5. ఇక ముందటి బీపీలు, తర్వాతి బీపీలు పక్కన పెట్టేసి, ఈ ఎనిమిది అంకెలకు మాత్రమే ప్రామాణిక విచలనం కడితే సుమారు 8 వస్తుంది. ఎప్పుడూ బీపీ ఎక్కువగా ఉండే మనిషికి తర్వాత కూడా ఎక్కువే ఉంటుంది కాబట్టి, తీసివేతలో ఆ మనిషి సొంత ఎత్తు చాలావరకు కొట్టుకుపోతుంది. సూత్రానికి కావలసింది ఈ 8.

```
n = (1.96 + 0.84)^2 × SD^2 / d^2
  = 7.84 × 64 / 25 ≈ 20.1
```

లేని మార్పును ఉందని చెప్పే ప్రమాదం 5 శాతం దాటకూడదని 1.96. నిజంగా ఉన్న మార్పును 80 శాతం సందర్భాల్లో పట్టుకోవాలని 0.84. d అంటే వైద్యపరంగా లెక్కలోకి వచ్చే కనీస తగ్గుదల. ఇక్కడ 5 అనుకున్నాం. పైలట్ సగటు కూడా 5 రావడం కాకతాళీయం. దాన్ని పైలట్ నుంచి ఎత్తుకోకూడదు, డాక్టరు ముందే తేల్చుకోవాలి. 21కి, చిన్న శాంపుల్‌కు టీ-పరీక్ష వాడతాం కాబట్టి ఇంకో ఇద్దరిని కలిపితే 23.

అంటే ఎప్పుడూ తక్కువ మందే చాలని కాదు. ఒకే మనిషి రెండు కొలతల మధ్య సహసంబంధం 0.5 ఉంటే తేడాల విచలనం సరిగ్గా 14 దగ్గరే ఉంటుంది. ఒకసారి మెట్లెక్కి వచ్చిన వెంటనే, ఇంకోసారి తీరిగ్గా కూర్చున్నాక కొలిచారనుకోండి, సహసంబంధం 0.2కి పడిపోవచ్చు. అప్పుడు తేడాల విచలనం 17.7 అవుతుంది, 99 మంది కావాలి. కొలిచేటప్పుడు చూపే అశ్రద్ధ రోగుల సంఖ్యగా వచ్చి మీద పడుతుంది.

పాత పేపర్లలో ముందటి విచలనం, తర్వాతి విచలనం అచ్చేస్తారు గానీ తేడాలది చాలామంది రాయరు. సగటు తేడా, జత టీ-పరీక్ష విలువ ఉంటే చాలు, దాన్ని బయటికి లాగొచ్చు. 25 మందిలో సగటు తగ్గుదల 4, t విలువ 2.5 అని ఉందనుకోండి. 4ను 25 వర్గమూలంతో, అంటే 5తో గుణించి 2.5తో భాగిస్తే 8. ఈ చిన్న లెక్క చేయక ఎన్నో థీసిస్‌లు తప్పు అంకె మీద నిలబడ్డాయి.

మన 8ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఎనిమిది మంది మీద కట్టిన విచలనం అది. దాని 95 శాతం విశ్వాస అవధి సుమారు 5 నుంచి 16 దాకా ఉంది. అసలు విలువ 16 అయితే 23 మందితో చేసిన అధ్యయనం వృథా. అందుకే నేను కాస్త పైకి జరిగి 10.5 తీసుకోమంటాను. అప్పుడు 35, ఇద్దరిని కలిపితే 37. పన్నెండు వారాల్లో ఐదో వంతు మంది మానేస్తారనుకుంటే 37ను 0.8తో భాగించాలి, 47 మందిని చేర్చుకోవాలి. ఒక కొలత మాత్రమే ఇచ్చి వెళ్లిపోయినవాళ్లకు తేడా ఉండదు, వాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఎంతమందిని చేర్చినా తీరని లోటు ఒకటుంది. ఆ రోజు బీపీ ఎక్కువ చూపించిందని ఎంచుకున్న రోగులకు, నడవకపోయినా రెండోసారి కొంత తక్కువ చూపించడం మామూలే. ఆ తగ్గుదల నడక ఖాతాలోకి వెళ్లిపోతుంది. దాన్ని విడదీయాలంటే నడవని గుంపు ఒకటి పక్కన ఉండాలి. అప్పుడు రెండు గుంపుల మార్పులను పోలుస్తాం కాబట్టి సూత్రంలో 2 వచ్చి చేరుతుంది. అదే 10.5తో కడితే, మానేసేవాళ్లను కలపకముందే, ఒక్కో గుంపుకు 70 మంది కావాలి.