రెండు క్లిక్కుల్లో డాక్టర్ అపాయింట్‌మెంట్: క్లినిక్ వెబ్‌సైట్‌లో పేజీల అమరిక

జిల్లా కేంద్రంలో ఒక పాలీక్లినిక్ ఉందనుకుందాం. జనరల్ మెడిసిన్, పిల్లలు, గైనిక్, ఎముకలు, పళ్లు, చర్మం, ఫిజియోథెరపీ కలిపి 7 విభాగాలు, 11 మంది డాక్టర్లు, ఒక ల్యాబ్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఊళ్లో ఉన్న తల్లి మోకాలి నొప్పి కోసం ఈ క్లినిక్ వెబ్‌సైట్‌ను ఫోన్‌లో తెరిచాడు. మూడు గీతల మెనూ నొక్కాడు. తర్వాత ‘డిపార్ట్‌మెంట్స్’, ఆ తర్వాత ‘ఆర్థోపెడిక్స్’, డాక్టర్ పేరు, చివరికి ‘బుక్ అపాయింట్‌మెంట్’. మొత్తం 5 క్లిక్కులు. అప్పుడు తెరుచుకున్న ఫారం ‘విభాగం ఎంచుకోండి, డాక్టర్‌ను ఎంచుకోండి’ అని మళ్లీ మొదటి నుంచి అడిగింది. చాలామంది సైట్ మూసేసి రిసెప్షన్‌కు ఫోన్ చేసేది ఇక్కడే.

దారి పొడవుగా ఉండటం ఒక లోపమైతే, అప్పటిదాకా చెప్పినదాన్ని ఫారం మరచిపోవడం అంతకంటే పెద్ద లోపం. క్లిక్కులు మూడు దాటితే జనం వెళ్లిపోతారనే నమ్మకం వెబ్ డిజైన్‌లో చాలాకాలం ఉండేది. 2003లో జాషువా పోర్టర్ అనే పరిశోధకుడు జనం సైట్లు వాడే తీరును లెక్కగట్టి చూస్తే దానికి ఆధారం దొరకలేదు. ప్రతి క్లిక్ పనిని ముందుకు తీసుకెళ్తోందని అనిపించినంత సేపు జనం నొక్కుతూనే ఉంటారు. మరి క్లినిక్‌కు రెండే ఎందుకు? బుకింగ్‌కు ముందు రోగి తేల్చుకోవాల్సినవి రెండే కాబట్టి: ఎవరికి చూపించాలి, ఎప్పుడు వెళ్లాలి. మొదటి క్లిక్ ‘ఎవరికి’ అనే ప్రశ్నను తేల్చాలి, రెండో క్లిక్‌తో ఖాళీగా ఉన్న సమయాల పట్టిక తెరుచుకోవాలి. పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ ఆ తర్వాతి సంగతి, వాటిని ఈ లెక్కలో కలపం. కానీ సమయాలు చూపించకముందే లాగిన్ అడిగితే ఈ లెక్కకు అర్థం ఉండదు.

ఇప్పుడు సైట్‌మ్యాప్ గీద్దాం. డిజైనర్లు ఈ మాటను రెండింటికి వాడతారు. ఒకటి గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్లు చదువుకునే `sitemap.xml` ఫైలు. రెండోది ఏ పేజీ కింద ఏ పేజీ ఉండాలో చూపే పటం. మనకు ముందు కావాల్సింది పటమే, అదీ మూడు అంతస్తులకు మించకుండా:

```
/
/services/ortho
/services/dental
/doctors/d07
/book?service=ortho
/book?service=ortho&doctor=d07
```

ఇందులో చివరి రెండు వరుసలే కీలకం. ఎముకల పేజీలో ఉన్న బుకింగ్ బటన్ తనతోపాటు ‘ఎముకలు’ అన్న సమాచారాన్నీ మోసుకెళ్తుంది. డాక్టర్ పేజీలోని బటన్ విభాగాన్నీ డాక్టర్‌నూ రెండింటినీ మోసుకెళ్తుంది. కాబట్టి బుకింగ్ పేజీ ఇక వాటి గురించి అడగనక్కర్లేదు, నేరుగా సమయాలు చూపిస్తుంది.

డాక్టర్ పేజీలు విభాగం లోపల కాకుండా విడిగా ఉండటం గమనించండి. ఒకే డాక్టర్ ఉదయం జనరల్ ఓపీ, సాయంత్రం షుగర్ క్లినిక్ చూడటం మన దగ్గర మామూలే. ఆయన పేజీని రెండు చోట్ల పెడితే ఒకచోట మార్చిన ఓపీ వేళలు రెండోచోట పాతవే ఉండిపోతాయి. పేజీ ఒక్కటే ఉండాలి, రెండు విభాగాల నుంచీ దానికి లింకు ఉండాలి. విభాగం పేజీలోనే డాక్టర్ల పేర్లు, ఫీజు, తర్వాతి ఖాళీ సమయం, పక్కన బటన్ కనబడాలి. చదువు, అనుభవం చూడాలనుకున్నవారు డాక్టర్ పేజీకి వెళ్తారు. బుకింగ్‌కు మాత్రం అది దాటి తీరాల్సిన గేటు కాకూడదు.

హోమ్ పేజీలో విభాగాల పేర్లు రోగి మాటల్లో ఉండాలి. ‘ఆర్థోపెడిక్స్’ కింద ‘ఎముకలు, కీళ్లు, మోకాలి నొప్పి’ అని రాస్తే మొదటి క్లిక్ తప్పే అవకాశం తగ్గుతుంది. అలాగని 7 విభాగాలు, 11 మంది డాక్టర్లు, ల్యాబ్ పరీక్షలు అన్నీ హోమ్‌లోనే కుమ్మరిస్తే ఒక్క క్లిక్‌తో పనవుతుందనిపిస్తుంది గానీ వెతుకులాట పెరుగుతుంది. విభాగాలకు ఒక్కో పలక, ల్యాబ్‌కు మరొకటి, మొత్తం 8 చాలు. ఇవి మూడు గీతల మెనూలో దాగకూడదు, ఎందుకంటే ఆ మెనూ తెరవడమే ఒక క్లిక్. కంప్యూటర్ తెరపై రెండు క్లిక్కుల్లో అయ్యే పని ఫోన్‌లో మూడు కావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

అసలు చాలామంది హోమ్ పేజీకి రారు. గూగుల్‌లో ‘మోకాలి నొప్పి డాక్టర్’ అని వెతికి, మీరు ఎప్పుడో రాసిన మోకాళ్ల అరుగుదల వ్యాసంలో దిగుతారు. అందుకే రెండు క్లిక్కులను హోమ్ నుంచి కాకుండా రోగి దిగిన పేజీ నుంచి లెక్కపెట్టాలి. ఆ వ్యాసం ఎముకల విభాగానికి చెందినదని పటంలో ముందే రాసుకుంటే దాని అడుగున స్థిరంగా నిలిచే బటన్ ఎముకల బుకింగ్‌కే తీసుకెళ్తుంది. అప్పుడు ఒక్క క్లిక్ చాలు.

అన్ని దారులూ బుకింగ్‌కే చేరకూడదు కూడా. ఛాతీ నొప్పితో వచ్చినవారికి రేపటి ఖాళీ సమయాలు చూపించడం ప్రమాదకరం. అత్యవసర ఫోన్ నంబరు, 108 ప్రతి పేజీ పైభాగంలో ఉండాలి, నొక్కితే కాల్ వెళ్లాలి. ల్యాబ్‌కు కావాల్సింది డాక్టర్ సమయం కాదు, ఏ పరీక్ష, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకోవాలా అన్నది. దానికి వేరే ఫారం ఉండాలి. రివ్యూకు వచ్చేవారికి తమ డాక్టర్ ఎవరో ముందే తెలుసు. వాళ్ల కోసం హోమ్‌లో ‘రివ్యూ’ అనే లింకు పెడితే అది డాక్టర్ల జాబితా తెరుస్తుంది, పేరు పక్కనున్న బటన్ సమయాలు చూపిస్తుంది. అక్కడా రెండే క్లిక్కులు.

పటం సరిగ్గా ఉందో లేదో రంగులు, బొమ్మలు వేయకముందే తేల్చుకోవచ్చు. మెనూ పేర్లను మాత్రమే కాగితంపై రాసి, ఓపీ హాలులో కూర్చున్న కొందరికి ఒక్కొక్కరిగా చూపించి, ‘బాబుకు ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి, దేన్ని నొక్కుతారు?’ అని అడగండి. కొందరు ‘పిల్లలు’ అంటారు, కొందరు ‘చర్మం’ అంటారు. రెండూ సరైన జవాబులే. ఎవరు తప్పారని వాదించకుండా రెండు పేజీల్లోనూ ఒకదానికి మరొకటి లింకు పెట్టాలి. ఎక్కువమంది ఒకే పేరు దగ్గర తడబడితే ఆ పేరు మార్చాలి.

ఆ తర్వాత ఒక షీటులో ప్రతి పేజీకి ఒక వరుస రాయండి: పేజీ పేరు, అది ఏ విభాగం కిందిది, దాని బటన్ ఎక్కడికి వెళ్తుంది, ఫోన్‌లో ఎన్ని క్లిక్కులు. 3 కనబడిన వరుసలే మీ పని జాబితా. ఏ విభాగానికీ చెందని పేజీ కనబడితే దాన్ని ఎక్కడైనా చేర్చాలి లేదా తీసేయాలి. డాక్టర్ క్లినిక్ వదిలి వెళ్లినప్పుడూ ఈ షీటే పనికొస్తుంది. ఆయన పేజీని ఊరికే చెరిపేస్తే గూగుల్ నుంచి వచ్చినవారికి ‘పేజీ లేదు’ అని కనబడుతుంది. పాత చిరునామాను శాశ్వతంగా విభాగం పేజీకి మళ్లిస్తే అక్కడున్న ఇతర డాక్టర్లు కనబడతారు. సమయాల పట్టిక పేజీలను మాత్రం `sitemap.xml`లో చేర్చకండి, వాటికి `noindex` పెట్టండి. లేకపోతే గడిచిపోయిన తేదీల పేజీలు వెతుకులాటలో తేలుతుంటాయి.

క్లినిక్ నడిపేవారికి ఒక మాట. డిజైనర్‌ను పిలిచే ముందు ఈ షీటు రాయండి, రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తేవారిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. రోగులు ఏ మాటతో ఏ డాక్టర్‌ను అడుగుతారో క్లినిక్‌లో అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే.